“తలనొప్పికి ఆ తెల్ల బిళ్ళ ఇయ్యన్నా”

(తిరుపతిలో ఫార్మసీ చివరి ఏడాది విద్యార్థుల ముందు ఒక మందుల షాపు ఫార్మసిస్టు మాట్లాడిన పాఠం)

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి మీరు ట్రైనింగ్‌కి షాపుల్లో నిలబడతారు. మొదటి రోజే మీకు ఒక మాట వినిపిస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా రోజూ వింటున్న మాట అది. “అన్నా, తలనొప్పికి ఆ తెల్ల బిళ్ళ ఉంటుందే, అది రెండు ఇయ్యన్నా.”

ఈ పూట ఆ ఒక్క మాట గురించే మాట్లాడతాను.

మీ షాపులో తెల్ల బిళ్ళలు ఎన్ని ఉంటాయో ఒకసారి ఊహించుకోండి. పారాసెటమాల్ తెలుపు. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ తెలుపు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ చాలా కంపెనీలవి తెలుపే. జలుబుకు ఇచ్చే సెటిరిజిన్ తెలుపు. పైగా ఒకే మందు ఒక కంపెనీలో తెల్లగా ఉంటే ఇంకో కంపెనీలో పసుపుగానో గులాబీగానో వస్తుంది. ఫలానా మందు ఫలానా రంగులోనే ఉండాలన్న నియమం ఏదీ లేదు. కాబట్టి “తెల్ల బిళ్ళ” అనే మాటలో మందు గురించి మనకు తెలిసేది ఏమీ లేదు. అడిగే మనిషికి మాత్రం అది చాలా స్పష్టమైన గుర్తు. ఆయన కళ్ల ముందు ఒకే ఒక బిళ్ళ ఉంటుంది. అది మనకూ తెలుసునని నమ్మి మన దగ్గరికి వస్తాడు.

ఇక్కడ మనం చేసే పొరపాటు ఏమిటో నా అనుభవంతోనే చెప్తాను. షాపులో చేరిన కొత్తల్లో ఒక పెద్దాయన ఇలాగే తెల్ల బిళ్ళ అడిగాడు. రద్దీ సమయం. నేను “డైక్లోనా?” అన్నాను. ఆయన “ఆ, అదే” అన్నాడు. ఇచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత వాళ్లబ్బాయి వచ్చి, నాన్నకు విరేచనం తారులాగా నల్లగా అవుతోంది, ఆసుపత్రిలో చేర్చాం అని చెప్పాడు. ఆయన గుండెకు రోజూ ఆస్పిరిన్ 75 వేసుకుంటున్నాడు. దానికి తోడు నేనిచ్చిన డైక్లోఫెనాక్. రెండూ కలిసి కడుపులో రక్తస్రావం తెచ్చాయి. ఆయన కోలుకున్నాడు. డైక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందు, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఆ నియమాన్ని నేను మీరాను. అది ఒక తప్పు. రెండో తప్పు నేనడిగిన తీరులో ఉంది. నేను పేరు అందించాను, ఆయన తలూపాడు. నొప్పితో ఉన్న మనిషి, వెనక పదిమంది నిలబడి ఉంటే, మనం ఏ పేరు చెప్పినా “అదే” అంటాడు. నేను “డోలోనా?” అని ఉంటే దానికీ “అదే” అనేవాడు.

అందుకే ఆ రోజు నుంచి మందు పేరు ముందు నా నోటి నుంచి రాదు. అవునని కాదని జవాబొచ్చే ప్రశ్న మొదట అడగను. ఎవరికి, ఎప్పుడు, ఎట్లా, ఏమేం అని అడుగుతాను. అప్పుడు అవతలి మనిషి తన మాటల్లో చెప్పాల్సి వస్తుంది. మనకు కావలసింది ఆ మాటల్లోనే దొరుకుతుంది.

మొన్న చలికాలంలో జరిగిన ఒక సంభాషణ చెప్తాను. సాయంత్రం ఏడు గంటలు. ముప్పై ఏళ్లావిడ వచ్చింది. చంద్రగిరి వైపు పల్లె.

“అన్నా, తలనొప్పికి ఆ తెల్ల బిళ్ళ రెండు ఇయ్యన్నా.”

“ఎవరికమ్మా?”

“మాయత్తకు.”

చూడండి, మొదటి ప్రశ్నకే మనిషి మారిపోయింది. ఎదురుగా నిలబడ్డ ముప్పై ఏళ్ల ఆమెను చూసి నేను మందిచ్చి ఉంటే, మింగేది ఇంట్లో ఉన్న ముసలామె. మన ఊళ్లలో మందు కొనేవాళ్లు ఒకరు, మింగేవాళ్లు ఇంకొకరు. ఈ ప్రశ్న ఎప్పుడూ వదలకండి.

“అత్తకు వయసెంత ఉంటుంది? మనిషి ఎట్లా ఉంటుంది, లావా, సన్నమా?”

“అరవై రెండో మూడో. బక్క మనిషన్నా. పోయిన్నెల ఆసుపత్రిలో తూకం వేస్తే నలభై అయిదు కిలోలే ఉండాది.”

“నొప్పి ఎప్పటి నుంచి? ఎట్లా మొదలైంది?”

“నిన్న పొద్దున్నుంచి. జలుబు చేసింది. ముక్కు దిబ్బడ వేసి, నొసలంతా బరువుగా ఉండాదంటోంది. జలుబు చేస్తే ఎప్పుడూ ఇంతేన్నా ఆమెకు.”

ఈ జవాబులో నేను వెతికేది తెల్ల బిళ్ళను కాదు, ప్రమాదాన్ని. నొప్పి పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరిందా? జ్వరంతో పాటు మెడ బిగుసుకుందా? మాట తడబడటం, మూతి వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, చూపు మసకబారడం, వీటిలో ఏదైనా ఉందా? ఈమధ్య ఎక్కడైనా పడి తలకు దెబ్బ తగిలిందా? యాభై దాటాక మొదటిసారి వచ్చిన రకం నొప్పా? గర్భిణికైతే అయిదో నెల దాటాక వచ్చే గట్టి తలనొప్పి బీపీ వల్ల కావచ్చు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ మనిషికి మన షాపులో మందు లేదు. పిడుగు లాంటి నొప్పి అయినా, మూతి వంకర పోయినా నేరుగా 108కి ఫోన్ చేయించండి. “ముందు ఈ బిళ్ళ వేసుకుని చూడండి, తగ్గకపోతే వెళ్లండి” అని మాత్రం అనకండి. ఆ ఒక్క గంటా ప్రాణం తీయొచ్చు.

ఈమె విషయంలో అవేవీ లేవు. అడిగితే జ్వరం లేదంది, పడలేదంది, అన్నం తింటోంది, పాత రకం నొప్పే అంది. అప్పుడు ముందుకు పోయాను.

“నిన్నటి నుంచి ఏమేం వేసుకుందమ్మా? జలుబుకైనా, నొప్పికైనా, దేనికైనా సరే.”

ఇక్కడ మాటను ఎంచుకోవడంలో ఒక కిటుకు ఉంది. “వేరే మందులేమైనా వాడుతోందా?” అని అడిగితే మన జనం “ఏం లేవు” అంటారు. అబద్ధం కాదు. రోజూ వేసుకునే బీపీ బిళ్ళను వాళ్లు మందుగా లెక్కపెట్టరు, అది అన్నం తిన్నట్టు అలవాటైపోయి ఉంటుంది. జలుబు బిళ్ళ అసలు మందే కాదు వాళ్ల దృష్టిలో. అందుకే విడివిడిగా అడగాలి. జలుబుకేం వేసుకుంది, నొప్పికేం వేసుకుంది, పొద్దున లేవగానే రోజూ వేసుకునేది ఏముంది, అని.

“జలుబు బిళ్ళ ఈరోజు మూడు వేసుకుండాదన్నా. నాలుక్కు టీ తాగి ఒకటి వేసుకుంది. ఆ తెల్ల బిళ్ళ పొద్దున ఒకటి, మధ్యాన్నం ఒకటి. అవి అయిపోతేనే నేనొచ్చింది.”

“బీపీ, షుగరు ఏమన్నా ఉన్నాయా?”

“బీపీ ఉండాది. రోజూ పొద్దున ఒకటి వేసుకుంటాది.”

“ఇంట్లో ఎవరన్నా ఉన్నారా? ఆ అట్టలన్నీ ఫోటో తీసి నీ ఫోన్‌కి పంపమని చెప్పమ్మా. రెండు పక్కలా తీయమను. రెండు నిమిషాల పని.”

ఆమెకు కొంచెం విసుగొచ్చింది. “పక్క షాపులో అయితే అడిగిన వెంటనే ఇస్తారన్నా” అంది. మీకూ ఈ మాట ఎదురవుతుంది. కోపం తెచ్చుకోకండి, నియమాలు వల్లించకండి. నేను ఒకటే చెప్పాను. “మీ అత్తకు బీపీ ఉంది కదమ్మా. బీపీ ఉన్నవాళ్లకు కొన్ని నొప్పి బిళ్ళలు పడవు. అది ఏదో చూసి ఇస్తా.” మనం ఎందుకు అడుగుతున్నామో ఒక్క వాక్యంలో చెబితే చాలామంది నిలబడతారు. ఆమె కూడా ఫోన్ చేసింది.

ఫోటోలు వచ్చాయి. బీపీ అట్ట మీద టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 కలిసిన మందు. జలుబు అట్ట మీద పారాసెటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమైన్ 2. తెల్ల బిళ్ళది ఒక ముక్క, కత్తిరించిన అట్ట. పేరు సగమే ఉంది, తేదీ లేదు. కానీ వెనక అచ్చులో “ఎసిక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325” అన్నంత వరకు చదవగలిగాను. అప్పుడెప్పుడో ఆ అత్త కొడుక్కు నడుం నొప్పికి డాక్టరు రాసిందట. మిగిలినవి డబ్బాలో ఉంటే తలనొప్పికని ఈమె వాడింది.

ఇప్పుడు లెక్క వేద్దాం. జలుబు బిళ్ళలు మూడు, ఒక్కోదాంట్లో 500, మొత్తం 1500 మిల్లీగ్రాముల పారాసెటమాల్. తెల్ల బిళ్ళలు రెండు, ఒక్కోదాంట్లో 325, మొత్తం 650. రెండూ కలిపి ఆ రోజు సాయంత్రానికే 2150 లోపలికి పోయింది. పెద్దవాళ్లకు రోజుకు 4000 దాటకూడదని మీరు చదువుకున్నారు. కానీ 50 కిలోల లోపు బరువున్న మనిషికి ఆ అంకె పనికిరాదు. కిలోకు పూటకు 15, రోజుకు 60 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. నలభై అయిదు కిలోలకు రోజుకు 2700. అంటే ఆమెకు ఆ రోజు మిగిలింది 550 మాత్రమే.

నేను ఏమీ అడగకుండా, తెల్ల బిళ్ళ అంటే పారాసెటమాలే కదా, సురక్షితమే కదా అని 650వి రెండు ఇచ్చి ఉంటే? సాయంత్రం ఒకటి, రాత్రి ఒకటి. పడుకునే ముందు ఇంకో జలుబు బిళ్ళ. ఆ ఒక్క రోజు మొత్తం 3950. ఆమె శరీరం తట్టుకోగలిగిన దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. ఇలా నాలుగు రోజులు సాగితే కాలేయానికి ముప్పు. పారాసెటమాల్ కాలేయంలో విరిగేటప్పుడు కొంత భాగం విషంగా మారుతుంది. దాన్ని అడ్డుకునే గ్లూటాథయోన్ అనే పదార్థం కాలేయంలోనే ఉంటుంది, కానీ బక్కచిక్కినవాళ్లలో, సరిగా తిననివాళ్లలో, రోజూ తాగేవాళ్లలో అది తక్కువగా ఉంటుంది. ఇంకో బాధ ఏమిటంటే మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియదు. వికారం ఉండొచ్చు, అది కూడా లేకపోవచ్చు. కళ్లు పచ్చబడే సమయానికి ఆలస్యమైపోతుంది.

పారాసెటమాల్ ఒక్కటే కాదు, ఆ మూడు అట్టల్లో ఇంకా రెండు సంగతులు ఉన్నాయి. జలుబు బిళ్ళలోని ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడ తగ్గించడానికి రక్తనాళాలను బిగిస్తుంది. బీపీ ఉన్న మనిషికి అది మంచిది కాదు. రెండోది ఎసిక్లోఫెనాక్. దీన్ని కొంచెం నిదానంగా చెప్తాను, ఎందుకంటే బీపీ బిళ్ళ వాడే పెద్దవాళ్లు మన దగ్గరికి రోజూ వస్తారు.

మూత్రపిండాన్ని ఒక చెరువు కింద మడి అనుకోండి. మడికి నీళ్లు పారాలంటే చెరువులో నీళ్లుండాలి, తూము తెరిచి ఉండాలి, మడి చివర గట్టు నీళ్లను కాస్త నిలబెట్టాలి. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, చెరువు మట్టం దిగినట్టు. టెల్మిసార్టన్ చివరి గట్టును వదులు చేస్తుంది. ఈ రెండూ డాక్టరు తెలిసి ఇచ్చినవే, తూము బాగా తెరిచి ఉన్నంత కాలం మూత్రపిండం నెట్టుకొస్తుంది. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి ఆ తూమును మూస్తాయి. మూడూ ఒకేసారి జరిగితే వడపోత పడిపోతుంది. ఎండాకాలం, వాంతులు, విరేచనాలు తోడైతే ఇంకా తొందరగా. పాదాలు వాయడం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పంపాలి. రెండు బిళ్ళలకే ఇంత జరుగుతుందని కాదు. కానీ డబ్బాలో ఉన్నాయి కదా అని వారం రోజులు వాడేవాళ్లు ఉన్నారు, నేను చూశాను.

కాబట్టి ఆమె అడిగిన తెల్ల బిళ్ళ నేను ఇవ్వలేదు. చీటీ లేదు, ఇవ్వకూడదు కూడా. ఇక్కడొక మాట. ఆ తెల్ల బిళ్ళ ఏదో కనిపెట్టడమే మన పని అనుకుంటే, కనిపెట్టగానే తీసి ఇచ్చేస్తాం. నేను దాని పేరు కనుక్కున్నది ఇవ్వడానికి కాదు, లోపలికి ఏం పోయిందో లెక్క వేయడానికి. పేరు ఎంతకీ తేలకపోతే దాన్ని వెతకడం మానేయండి. ఇప్పుడు ఈ మనిషికి ఏది ఇవ్వచ్చు అని మొదటి నుంచి ఆలోచించండి. తెలియని బిళ్ళ ఏదో ఒకటి పడిందని తెలిస్తే, అందులో పారాసెటమాల్ ఉందనే అనుకుని లెక్క వేసుకోండి.

ఆమెకు నేను చెప్పింది ఇది. జలుబు బిళ్ళ ఆపండి. ఆ తెల్ల బిళ్ళ మళ్లీ తెచ్చుకోవద్దు. ఒట్టి పారాసెటమాల్ 500 ఇస్తున్నా, ఇప్పుడు కాదు, నాలుగుకు వేసుకుంది కాబట్టి రాత్రి పదికి ఒకటి, అది కూడా నొప్పి ఉంటేనే. రేపు ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు మించకుండా. ముక్కు దిబ్బడకు వేడినీళ్ల ఆవిరి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు. బీపీ బిళ్ళ మానొద్దు. రెండు రోజుల్లో తగ్గకపోయినా, నొప్పి తీరు మారినా, వాంతులు పట్టుకున్నా డాక్టరు దగ్గరికి. రేపు వీలైతే అత్తను, ఇంట్లో ఉన్న మందులన్నిటినీ తీసుకుని రా, బీపీ చూస్తా అన్నాను. అంతా కలిపి ఆరు నిమిషాలు పట్టింది.

ఆ కత్తిరించిన అట్ట గురించి చెప్పాలి. రెండు బిళ్ళలు అడిగితే మనం కత్తెరతో అట్ట కోసి కాగితం పొట్లంలో వేసి ఇస్తాం. పేరు, బ్యాచ్, గడువు తేదీ ఉన్న ముక్క ఎటు పోతుందో చూసుకోం. మనిషి ఇంటికి పోయాక అతని దగ్గర ఉండేది పేరు లేని తెల్ల బిళ్ళే. అంటే ఆ “తెల్ల బిళ్ళ” అనే మాటను పుట్టించింది మన కత్తెరే. కోసేటప్పుడు తేదీ లేని వైపు నుంచి కోయండి, షాపులో మిగిలే ముక్క మీద తేదీ నిలుస్తుంది. ఇచ్చే ముక్క మీద పేరు రాకపోతే పొట్లం మీద పెన్నుతో మందు పేరు, మోతాదు, గడువు, దేనికి అన్నది తెలుగులో రాయండి. పది సెకన్లు పడుతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన మాట ఒకటి. కొండ మీద నుంచి దర్శనం చేసుకుని దిగివచ్చినవాళ్లు నేరుగా మన షాపుకొస్తారు. వాళ్లను “చివరిసారి ఏం తిన్నారు? ఎన్ని నీళ్లు తాగారు? పొద్దున కాఫీ తాగారా?” అని అడగండి. ఉపవాసం, ఎండలో మెట్లు, గంటల తరబడి క్యూ. రోజూ మూడు కాఫీలు తాగే మనిషి ఒక రోజు మానేస్తే దానికే తలనొప్పి వస్తుంది. చాలామందికి ఇడ్లీ, నీళ్లు, కాఫీ పడితే బిళ్ళ అవసరమే ఉండదు. ఖాళీ కడుపున డైక్లోఫెనాక్ లాంటివి అసలే వద్దు. ప్రయాణంలో బీపీ బిళ్ళ ఇంట్లో మరిచిపోయి వచ్చారేమో కూడా అడగండి. వానాకాలం చివర జ్వరంతో తలనొప్పి అంటే డెంగీ కావచ్చు, అప్పుడు ఒట్టి పారాసెటమాల్ తప్ప ఇంకే నొప్పి మందూ వద్దు, రక్తం పరీక్షకు పంపండి.

తరచూ వచ్చేవాళ్లను “నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారు?” అని కూడా అడగండి. ఒట్టి నొప్పి బిళ్ళ నెలకు పదిహేను రోజులు, లేదా రెండు మూడు మందులు కలిసిన బిళ్ళ పది రోజులు, అలా మూడు నెలలు దాటి వాడుతుంటే ఆ బిళ్ళే తలనొప్పి తెస్తూ ఉండొచ్చు. వాళ్లకు ఇంకో అట్ట ఇవ్వడం వైద్యం కాదు.

మరుసటి రోజు పదకొండుకు అత్తాకోడళ్లిద్దరూ వచ్చారు. నొప్పి సగం తగ్గిందంది. బీపీ చూస్తే 158/94. రెండుసార్లు చూశాను, అంతే ఉంది. జలుబు బిళ్ళలు నిన్నటిదాకా వేసుకున్న సంగతి ఒక కాగితం మీద రాసి, ఆమెకు బీపీ చూసే డాక్టరు దగ్గరికి పంపాను. పోయే ముందు ప్లాస్టిక్ కవరు బల్ల మీద బోర్లించింది. ఏడు రకాల ముక్కలు, నాలుగు తెల్లవే. పేరు తేలనివి, గడువు దాటినవి పక్కన పెట్టించాను. మిగిలిన రెండు అట్టల మీద పేర్లు రాయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“నాకు చదవను రాదు నాయనా. రాస్తే ఏం తెలస్తాది? బొమ్మ గీయి.”

బీపీ అట్ట మీద సూర్యుణ్ణి గీశాను. పారాసెటమాల్ అట్ట మీద ఒక తలకాయ గీసి, పక్కన నాలుగు గీతలు పెట్టాను, రోజుకు నాలుగు మించకుండా. ఆమె రెండూ తిప్పి చూసుకుని, సూర్యుడున్నదాన్ని కొంగులో ముడేసుకుంది.